ఇన్షా అల్లా అంటే అవుననా, కాదనా?

2020 సెప్టెంబరు 29న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో అధ్యక్ష అభ్యర్థుల తొలి డిబేట్ జరిగింది. ట్రంప్ 2016లోనూ 2017లోనూ ఏడాదికి 750 డాలర్లు మాత్రమే ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టారన్న వార్త అప్పటికి రెండు రోజుల కిందటే బయటికొచ్చింది. మోడరేటర్ దాని గురించి అడిగితే ట్రంప్ తాను మిలియన్ల డాలర్లు కట్టానని, ఆ కాగితాలు మీరే చూస్తారని అన్నారు. పక్కనుంచి బైడెన్ "ఎప్పుడు? ఇన్షా అల్లా?" అని అడ్డు తగిలారు. నిజంగా ఆ మాటే అన్నారా అని చాలామందికి అనుమానం వచ్చింది. అదేనని ఆయన ప్రచార బృందం తర్వాత ధ్రువీకరించింది.

అరబ్బులకు మాత్రం అనుమానం రాలేదు. వాళ్ళ ఇళ్ళల్లో రోజూ వినపడే వాడుకే అది. "బొమ్మ కొనిపెట్టవా?" అని పిల్లవాడు అడిగితే తండ్రి పేపర్లోంచి తల ఎత్తకుండా "ఇన్షా అల్లా" అంటాడు, పిల్లవాడికి బొమ్మ రాదని అర్థమైపోతుంది. బైడెన్ వాడింది ఆ ఇన్షా అల్లానే. అయితే అదే రోజు ఏదో ఆసుపత్రి వరండాలో ఒక తల్లి తన కూతురి ఆపరేషన్ గురించి అదే మాటను కళ్ళు మూసుకుని అని ఉంటుంది. అక్కడ అది ప్రార్థన. భక్తితో చెప్పుకునే మాటను వెటకారానికి వాడారని డిబేట్ తర్వాత కొందరు ముస్లింలు నొచ్చుకున్నది కూడా అందుకే.

ఒకే మాట ఇంత దూరం ఎలా వెళ్ళింది? జనం వాడి వాడి పవిత్రమైన మాటను పాడుచేశారని మామూలుగా చెబుతారు. నాకు ఆ వివరణ సరిపోదనిపిస్తుంది. ఈ రెండు అర్థాలూ మొదటినుంచీ ఆ మాటలోనే ఉన్నాయి. మత గ్రంథాలు చదివినా, ధర్మశాస్త్ర పండితుల వాదనలు చదివినా ఆ సంగతి కనిపిస్తుంది.

ముందు మాట నిర్మాణం చూద్దాం. ఇందులో ఉన్నవి మూడు పదాలు. 'ఇన్' అంటే అయితే, 'షాఅ' అంటే తలచడం, ఆ పైన 'అల్లాహ్'. దేవుడు తలిస్తే అని మొత్తం అర్థం. అరబిక్‌లో 'అయితే' అనడానికి ఒకటి కాదు, రెండు పదాలున్నాయి. తప్పకుండా జరిగేదానికి, జరుగుతుందని ఎదురుచూసేదానికి 'ఇజా' వాడతారు. అవుతుందో లేదో తేలని దానికి 'ఇన్' వాడతారు. ఇక్కడున్నది ఆ రెండోది. అంటే వ్యాకరణం దగ్గరే తలుపు ఓరగా తెరిచి ఉందన్నమాట.

ఈ మాట అనాలన్న ఆదేశం ఖురాన్ 18వ అధ్యాయం కహ్ఫ్‌లో, 23, 24 వాక్యాల్లో ఉంది. దేవుడు తలిస్తే అని చేర్చకుండా ఏ విషయంలోనూ రేపు నేనిది చేస్తానని అనకు, అని దాని సారాంశం. దీని వెనక ఒక సంప్రదాయ కథనం ఉంది. మక్కాలోని ఖురైష్ తెగవాళ్ళు ప్రవక్తను పరీక్షించడానికి మూడు ప్రశ్నలు అడిగారు. గుహలో ఏళ్ళ తరబడి నిద్రపోయిన యువకుల సంగతి వాటిలో ఒకటి. రేపు చెబుతానని ప్రవక్త అన్నారు, దేవుడు తలిస్తే అనే మాట చేర్చలేదు. మర్నాడు దైవవాణి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. తొలి జీవితచరిత్రకారుల్లో ఒకరైన ఇబ్న్ ఇస్‌హాక్ కథనం ప్రకారం ఆ ఆలస్యం 15 రోజులు. ఎదుటివాళ్ళు ఎగతాళి చేస్తుంటే ప్రవక్త బాధపడ్డారని, ఆ తర్వాత జవాబుతో పాటు ఈ వాక్యాలు కూడా వచ్చాయని చెబుతారు. 68వ అధ్యాయంలో తోట యజమానుల కథ ఇంకా కటువుగా ఉంటుంది. పేదలు వచ్చి చెయ్యి చాచేలోపు తెల్లారుతూనే పంట కోసేసుకుందామని వాళ్ళు ఒట్టు పెట్టుకుంటారు, కానీ 'మినహాయింపు' చెప్పరు. రాత్రికి రాత్రే తోట నాశనమైపోతుంది.

ఆ మినహాయింపునే అరబిక్‌లో 'ఇస్తిస్నా' అంటారు. ఇన్షా అల్లా అనడానికి ధర్మశాస్త్రంలో ఉన్న పారిభాషిక పదం ఇదే. నేను చేస్తాను, నా చేతిలో లేనిది మాత్రం మినహాయించి, అని దాని భావం. ఇందులో తప్పించుకునే ఉద్దేశం లేదు, రేపటి మీద నాకు పూర్తి అధికారం లేదన్న వినయం ఉంది.

అలాగని అనుమానం ఉన్నచోటే ఈ మాట వాడతారనుకుంటే, సమాధుల దగ్గర చెప్పే దుఆ, అంటే ప్రార్థన, దానికి ఒప్పుకోదు. శ్మశానానికి వెళ్ళిన ముస్లిం అక్కడ పడుకున్నవాళ్ళకు సలాం చెప్పి "మేము కూడా, ఇన్షా అల్లా, మీ దగ్గరికి వచ్చి చేరతాం" అంటాడు. చావు విషయంలో అనుమానం ఏముంది? అయినా ఆ మాట ఉంది. 48వ అధ్యాయంలో ఇంకా విచిత్రం. 628లో హుదైబియా ఒప్పందం వల్ల మక్కాలోకి వెళ్ళకుండానే వెనక్కి తిరగాల్సి వచ్చిన ముస్లింలకు, మీరు ఇన్షా అల్లా పవిత్ర మసీదులోకి నిర్భయంగా ప్రవేశిస్తారని ఖురాన్ చెబుతుంది. మాట్లాడుతున్నది దేవుడే అయినప్పుడు 'దేవుడు తలిస్తే' అనడమేమిటని వ్యాఖ్యాతలు చాలా తర్జనభర్జన పడ్డారు. మరుసటి ఏడాది 629లో వాళ్ళు వెళ్ళనే వెళ్ళారు.

ఇలాంటి వాటిని విడదీయడానికి పండితులు రెండు పదాలు వాడారు. షరతుగా అంటే 'తఅలీఖ్', అంటే వేలాడదీయడం. నిశ్చయాన్ని గట్టిపరచడానికి అంటే 'తహ్‌ఖీఖ్'. ఇవి పుస్తకాల్లోనే ఉండిపోలేదు. కాస్త చదువుకున్న అరబ్బు తన మాట మీద అనుమానం రాకూడదనుకుంటే ఈనాటికీ "ఇన్షా అల్లా, తహ్‌ఖీఖన్ లా తఅలీఖన్" అంటాడు. నేనన్న ఇన్షా అల్లా గట్టి రకం, వేలాడే రకం కాదు అని. తన ఇన్షా అల్లాకు తనే హామీ ఇవ్వాల్సిన అవసరం వచ్చిందంటే, వేలాడే రకం ఎంత వాడకంలో ఉందో ఊహించుకోవచ్చు.

ఆ వేలాడే రకానికి చట్టబద్ధత కూడా ఉంది. ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో దేవుడి మీద ఒట్టు పెట్టి తప్పితే ప్రాయశ్చిత్తం చేయాలి: పదిమంది పేదలకు అన్నం పెట్టాలి, లేదా బట్టలు ఇవ్వాలి, లేదా బానిసకు విముక్తి ఇవ్వాలి, ఏదీ కుదరకపోతే మూడు రోజులు ఉపవాసం ఉండాలి. కానీ ఒట్టు వేస్తూనే ఇన్షా అల్లా అన్నవాడు ఆ పని చేయకపోయినా ఒట్టు తప్పినట్టు కాదని హదీసు, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునే వాక్యం, ఉంది. "దేవుడి మీద ఒట్టు, రేపు నీ బాకీ తీరుస్తాను, ఇన్షా అల్లా" అన్నాక తీర్చకపోతే, బాకీ బాకీగానే ఉంటుంది గానీ ఒట్టు తాలూకు ప్రాయశ్చిత్తం పడదు. అంటే భక్తితో చేర్చిన మాటే బాధ్యత నుంచి బయటపడే దారి కూడా అయింది. మర్యాదపూర్వకమైన నిరాకరణకు అసలు బీజం ఇక్కడుందని నా ఉద్దేశం.

పండితులు ఈ ప్రమాదాన్ని గమనించకపోలేదు. ఆ దారిని ఎంత ఇరుకుగా ఉంచాలా అని శతాబ్దాల పాటు వాదించుకున్నారు. ఒట్టుతో పాటు వెంటనే, ఊపిరి విడవకుండా అంటేనే లెక్క అని చాలామంది అన్నారు. ప్రవక్త బంధువు ఇబ్న్ అబ్బాస్ మాత్రం తర్వాత ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు చేర్చవచ్చన్నారని చెబుతారు. దీని మీద ధర్మశాస్త్ర పండితుడు అబూ హనీఫా పేరుతో ఒక కథ ప్రచారంలో ఉంది. ఖలీఫా మన్సూర్ దర్బారులో ఒకరు లేచి, ఈయన మీ పూర్వీకుడు ఇబ్న్ అబ్బాస్ మాటను కాదంటున్నాడని ఫిర్యాదు చేశారట. దానికి అబూ హనీఫా, ఆయన మాటే చెల్లితే మీ సైనికులు ఇక్కడ మీకు విధేయత ప్రమాణం చేసి, ఇంటికెళ్ళి 'ఇన్షా అల్లా' అనుకుంటే చాలు, మీ రాజ్యం గాల్లో ఉన్నట్టే, అన్నారట. జరిగిందో లేదో గానీ, సమస్య ఎక్కడుందో ఆ కథ చక్కగా పట్టుకుంది. విడాకుల విషయంలోనైతే ఏకాభిప్రాయమే కుదరలేదు. భర్త "నీకు తలాఖ్, ఇన్షా అల్లా" అంటే, ధర్మశాస్త్ర శాఖల్లో హనఫీ, షాఫియీ పండితులు అది చెల్లదన్నారు. మాలికీలు చెల్లుతుందన్నారు.

ఇక రోజువారీ మాటలకొస్తే, ఇన్షా అల్లా ఏ రకమో వినేవాళ్ళు ఎలా తేల్చుకుంటారు? గొంతును బట్టి అని అందరూ చెబుతారు. చివరి 'ఆ'ను సాగదీస్తే లేదనే అర్థం అని కొత్తవాళ్ళకు నూరిపోస్తారు. అది సగం నిజం. కష్టంలో ఉన్న స్నేహితుడికి ధైర్యం చెప్పేటప్పుడు కూడా సాగదీస్తారు. గొంతుకన్నా నమ్మదగిన ఆనవాళ్ళు వేరే ఉన్నాయి.

మొదటిది, ఆ మాట వాక్యంలో భాగంగా వచ్చిందా, జవాబంతా అదేనా అన్నది. "ఎనిమిదింటికి వస్తాను, ఇన్షా అల్లా" అన్నప్పుడు వస్తానన్న మాట ముందే పడిపోయింది. దేవుడి ప్రస్తావన దానికి అలంకారం. "వస్తావా?" అన్న ప్రశ్నకు ఉట్టి "ఇన్షా అల్లా" అన్నప్పుడు క్రియాపదమే లేదు. చేసేవాడు ఎవరో, ఎప్పుడో చెప్పకుండానే వాక్యం పూర్తయిపోయింది.

రెండోది ఇంతకన్నా ముఖ్యం. ఎవరు ఎవరితో అంటున్నారు? గల్ఫ్ దేశాల్లో పెద్దవాళ్ళు పని చెప్పినప్పుడు చిన్నవాళ్ళు అనే ఉట్టి "ఇన్షా అల్లా"కు చిత్తం, అలాగే అని అర్థం. కువైట్ ఇళ్ళల్లో తల్లి తలుపు వెయ్యమంటే కొడుకు "ఇన్షా అల్లా యుమ్మా" అని లేచి వెళ్ళి వేస్తాడు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్ళిన మన ఆడవాళ్ళు కూడా తాము 'మామా' అని పిలిచే యజమానురాలు పని చెప్పగానే "ఇన్షా అల్లా మామా" అనడం త్వరగానే నేర్చుకుంటారు. ఇక్కడ కాదనే అర్థం తీసుకోవడానికి వీల్లేదు. అదే ఇంట్లో ఆ పనిమనిషి జీతం గురించి అడిగినప్పుడు యజమాని "ఇన్షా అల్లా" అంటే, ఆ భరోసా లేదు. కింది నుంచి పైకి వెళ్ళేటప్పుడు విధేయత. పై నుంచి కిందికి వచ్చేటప్పుడు ఏదైనా కావచ్చు. మన 'చూద్దాంలే'కీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. నిరాకరణ వరకు రెండూ ఒకటే గానీ, అమ్మ పని చెబితే 'చూద్దాంలే' అని చూడండి, ఏమవుతుందో.

మూడోది, ఆ తర్వాత ఏం వచ్చిందన్నది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. జగిత్యాల నుంచి దమ్మామ్ వెళ్ళిన ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఊళ్ళో చెల్లెలి పెళ్ళి. సౌదీలో సెలవు మీద ఇంటికెళ్ళి తిరిగి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి. అతను కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, అక్కడ ప్రభుత్వ పనులు చూసే మందూబ్‌ను అడిగాడు. మందూబ్ "ఇన్షా అల్లా" అని ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇది అవునూ కాదు, కాదూ కాదు. నీ మాట విన్నాను, ఇప్పటికి వెళ్ళు, అంతే.

రెండోసారి వెళితే "ఇన్షా అల్లా, బుక్రా" అన్నాడు. బుక్రా అంటే రేపు. రేపు అనగానే తేదీ వచ్చేసిందని మనవాడు సంతోషపడితే పొరపాటు. ఈ జంటలో బుక్రా చాలాసార్లు ఇవాళ కాదు అని చెప్పడానికే వస్తుంది. గల్ఫ్‌లో పనిచేసే విదేశీయుల మధ్య ఒక పాత జోకుంది, ఇక్కడ పనులన్నీ ఐబీఎం మీద నడుస్తాయని. ఇన్షా అల్లా, బుక్రా, మాలేష్. మాలేష్ అంటే ఫర్వాలేదులే. పని కాలేదని తేలాక అనేది. ఈ జోకు చెప్పేవాళ్ళలో చాలామందికి కింది నుంచి వచ్చే ఇన్షా అల్లా ఉందన్న సంగతి తెలియదు గానీ, పై నుంచి వచ్చేదాన్ని మాత్రం బాగానే పట్టుకున్నారు.

మూడోసారి మందూబ్ "ఇన్షా అల్లా. ఎన్ని నెలలకు?" అన్నాడనుకోండి. ఇక్కడ కథ మారింది. ఆ వీసా ఫీజు వ్యవధిని బట్టి ఉంటుంది. ఒక్కసారి వెళ్ళిరావడానికి రెండు నెలల వరకు 200 రియాళ్ళు, ఆపైన ప్రతి నెలకూ ఇంకో 100. చేసే ఉద్దేశం లేనివాడికి నెలల లెక్కతో పని లేదు. ఇఖామా అనే నివాస అనుమతి కార్డు నంబరు అడిగినా, ఆదివారం రమ్మన్నా అంతే, ఎందుకంటే అక్కడ వారం మొదలయ్యేది ఆదివారం. ఈ మూడుసార్లూ మాట ఒకటే, గొంతు కూడా ఒకటే కావచ్చు. దాని వెనక ఒక అంకె గానీ, ఒక వారం పేరు గానీ, ఒక కాగితం గానీ వచ్చిందా లేదా అన్నదే అసలు తేడా.

మాట పూర్తిగా కాదు వైపు ఒరిగినప్పుడు చాలామంది అసలు ఇన్షా అల్లా దగ్గరే ఆగరు. దాని చుట్టాలు వస్తాయి. "అల్లా కరీం", అంటే దేవుడు ఉదారుడు. ఈజిప్టు వాళ్ళయితే "రబ్బినా యిసహ్హిల్", దేవుడు సులువు చేయాలి అంటారు. అక్కడ బిచ్చగాడికి డబ్బివ్వకుండా పంపేటప్పుడు కూడా ఇదే ధోరణిలో, దేవుడు నీకు మార్గం చూపాలి అంటారు. ఉద్యోగానికో పెళ్ళి సంబంధానికో వచ్చినవాళ్ళతో, ఏది మంచిదో దేవుడు అదే ముందుకు తేవాలి అన్నారంటే ఇంకో చోట చూసుకోవడం మంచిది. వీటిని ఒక వరసలో పెట్టి చూస్తే ఒకటి గమనిస్తాం. దేవుడికి అప్పగించే వాటా పెరిగేకొద్దీ మనిషి చేసే వాటా తగ్గుతుంది. ఇన్షా అల్లాలో ఇంకా 'నేను చేస్తాను' అనేది కనీసం దాగి ఉంటుంది. రబ్బినా యిసహ్హిల్‌లో 'నేను' అసలు లేడు.

అవతలి వైపు కూడా ఒక మాట ఉంది. "బి ఇజ్నిల్లా", దేవుడి అనుమతితో. ఇందులో 'అయితే' అన్న పదమే లేదు. అందుకే ఇన్షా అల్లాను ఎదుటివాడు అనుమానిస్తాడని భయపడేవాళ్ళు దీన్ని ఎంచుకుంటారు.

మరి కాదు అనదలిస్తే సూటిగా 'లా' అనొచ్చుగా? సందర్భం కుదిరితే అరబ్బులు అంటారు కూడా, బజారులో బేరం దగ్గర నిమిషానికి నాలుగుసార్లు వినపడుతుంది. కానీ ఎదుటివాడు ఆశపడి అడిగినప్పుడు, అందులోనూ పదిమంది ముందు అడిగినప్పుడు, 'లా' అంటే అతని ముఖం మీద తలుపు వేసినట్టు. ఇన్షా అల్లా అంటే అడిగినవాడి పరువు నిలుస్తుంది, అన్నవాడు అబద్ధం ఆడినట్టూ కాదు. చెడు ఏమిటంటే, ఈ సౌకర్యం ఇద్దరికీ ఉన్నట్టు కనిపించినా నష్టం మాత్రం అడిగినవాడిదే. విందుకు రానని సూటిగా చెప్పలేక ఇన్షా అల్లా అన్న స్నేహితుడి వల్ల ఒక ప్లేటు అన్నం మిగులుతుంది. వీసా విషయంలో అన్న మందూబ్ వల్ల ఒకడు చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేకపోతాడు. ఇచ్చిన మాట తప్పడానికి దేవుడి పేరును సాకు చేసుకోవడం తగదని మతబోధకులు హెచ్చరిస్తూనే ఉంటారు. అరబ్బు పిల్లలు కూడా పోట్లాడతారు, "ఇన్షా అల్లా అనొద్దు, అవునని చెప్పు" అని.

ఇదంతా ముస్లింల వ్యవహారమేనా అంటే, అదీ కాదు. ఈజిప్టులోని కోప్టిక్ క్రైస్తవులూ, లెబనాన్ క్రైస్తవులూ ఇదే మాట ఇవే అర్థాల్లో అంటారు. స్పెయిన్‌లో ముస్లింల పాలన పోయాక కూడా దీని జ్ఞాతి ఒకటి మిగిలిపోయింది. స్పానిష్ 'ఓహలా', పోర్చుగీసు 'ఒషలా' ఆనాటి అరబిక్ నుంచి వచ్చినవే. కానీ అక్కడ ఆశ అర్థం మాత్రమే నిలిచింది. 'ఓహలా' అంటే అలా జరిగితే బాగుండు అని. ఎవరైనా మీరు అడిగిన పనికి ఓహలా అంటే, ఆ పని తన చేతిలో లేదని చెబుతున్నట్టే. చిత్తం అనే అర్థంలో దాన్ని వాడలేరు.

మళ్ళీ దమ్మామ్ మనవాడి సంగతికొస్తే, అతను "అవునో కాదో చెప్పండి" అని నిలదీస్తే పని చెడుతుంది. ఎదుటివాడి మాటనే కాదు, భక్తిని కూడా శంకించినట్టవుతుంది. అక్కడ పాతకాపులు చేసేది వేరు. ఇన్షా అల్లాను తామే ప్రశ్నలోకి తీసుకుంటారు. "మతా ఇన్షా అల్లా?" అంటారు, అంటే దేవుడు తలిస్తే ఎప్పుడు అని. దేవుడి వాటా ఒప్పేసుకున్నాక ఇక మిగిలింది తేదీ ఒక్కటే. దానికి ఏదో ఒక వారం పేరు జవాబుగా వస్తే మనవాడు టికెట్ ధరలు చూసుకోవచ్చు. మళ్ళీ ఉట్టి "ఇన్షా అల్లా" వస్తే, మందూబ్‌ను వదిలి అతని పైవాడి దగ్గరికి వెళ్ళాల్సిన సమయం వచ్చింది.